36 త్రిభుజాల కొబ్బరికాయ

కోనసీమ నేపథ్యంలో ఒక చిన్న త్రీడీ చిత్రం తీయాలనుకున్నవాళ్లకు మొదటి దృశ్యంలోనే కొబ్బరికాయల రాశి ఎదురవుతుంది. పంట కాలువ రేవు, కట్టేసిన పడవ, గట్టు మీద రెండు వందల కాయలు. పడవ ఒకటే కాబట్టి దాని మీద రెండు రోజులు కూర్చున్నా తప్పులేదు. కొబ్బరికాయ అలా కాదు. దాన్ని ఒక్కసారి చేసి వందలసార్లు వాడతాం, కాబట్టి అందులో చిన్న తప్పున్నా అది రాశి అంతా కనిపిస్తుంది. తక్కువ పలకలతో వస్తువులు చేసే లో పాలీ మోడలింగ్‌లో ఏ నిర్ణయం ఎందుకు తీసుకుంటామో చెప్పడానికి ఇంతకంటే మంచి వస్తువు నాకు దొరకలేదు.

త్రీడీలో ఏ వస్తువైనా చదునైన పలకలు అతికించిన పెంకు మాత్రమే. ఆ పలకలను పాలిగన్లు అంటారు. మనం నాలుగు మూలల పలకలతో పని చేసినా కంప్యూటర్ చివరికి వాటిని త్రిభుజాలుగా విడగొట్టి గీస్తుంది, అందుకే లెక్కలన్నీ త్రిభుజాల్లో చెప్పుకుంటాం. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో UV Sphere అనే గోళం తీసుకుని ఏమీ మార్చకుండా వదిలేస్తే అందులో 960 త్రిభుజాలుంటాయి. మనం చేయబోయే కాయలో 36 ఉంటాయి.

ఇక్కడ చాలామందిలో ఒక అపోహ ఉంది. త్రిభుజాలు తగ్గించేది కంప్యూటర్ మీద భారం తగ్గించడానికే అనుకుంటారు. ఆటల విషయంలో అది నిజమే, అక్కడ సెకనుకు 30 నుంచి 60 సార్లు తెరను అప్పటికప్పుడు గీయాలి. లఘుచిత్రంలో ప్రతి ఫ్రేమునూ తీరిగ్గా రెండర్ చేసుకుంటాం. 960 త్రిభుజాల కాయలు రెండు వందలు పెట్టినా రెండు లక్షల లోపే, ఈనాటి మామూలు ల్యాప్‌టాప్ కూడా మోస్తుంది. చిత్రంలో లో పాలీ ఎంచుకునేది ఆకృతి కోసం. ప్రతి గీతకూ ఒక పని ఉండాలి, పని లేని గీత ఉండకూడదు. పైగా గీతలు తక్కువైతే దర్శకుడు “కాయ కాస్త పొడుగ్గా ఉంటే బాగుండేది” అన్నప్పుడు మూడు వలయాలు కదిపితే పని అయిపోతుంది. వందల బిందువులున్న మోడల్‌ను అలా మార్చబోతే ఎక్కడో ఒకచోట సొట్ట పడుతుంది.

అందుకే ఎక్కువ త్రిభుజాల మోడల్ చేసి, దాన్ని Decimate లాంటి సాధనంతో కుదించడాన్ని నేను లో పాలీ అనను. ఆ సాధనానికి ఏ గీత ముఖ్యమో తెలియదు. అడ్డదిడ్డమైన త్రిభుజాలు మిగులుతాయి, వాటికి రంగు వేయడమూ కష్టమే, తర్వాత మార్చడమూ కష్టమే.

ఇప్పుడు అసలు కాయ దగ్గరికి వద్దాం. కొబ్బరికాయ అనగానే బంతి పెట్టి గోధుమ రంగు వేస్తారు. ఇతర ప్రాంతాల ప్రేక్షకులు ఊరుకుంటారేమో కానీ అమలాపురంలోనో అంబాజీపేటలోనో చూసేవాళ్లు ఊరుకోరు. డొక్కతో ఉన్న కాయ గుండ్రంగా ఉండదు. అడ్డంగా కోస్తే మూలలు మొద్దుబారిన త్రిభుజంలా కనిపిస్తుంది, తొడిమ నుంచి కిందికి మూడు అంచులు దిగుతాయి. డొక్క ఒలిచిన కాయ వేరు, దాని చిప్ప ఇంచుమించు గుండ్రంగా ఉంటుంది, పీచు జుట్టు ఉంటుంది, జుట్టు కింద మూడు కళ్లుంటాయి. ఈ రెండూ రెండు వేర్వేరు మోడళ్లు. తోటలో దింపు జరుగుతున్న దృశ్యంలో ఒలిచిన కాయలు పెడితే కథే తప్పుతుంది. మన రేవు దృశ్యంలో ఉన్నది డొక్క కాయే అనుకుందాం.

ఈ మూడు అంచులే మనకు వరం. గుండ్రటి వస్తువును తక్కువ పలకల్లో చూపించడం కష్టం కానీ, స్వతహాగా మూడు అంచులున్న వస్తువుకు ఆరు నిలువు పలకలు చాలు.

UV Sphere తీసుకుని అది కనిపించగానే ఎడమవైపు కింద వచ్చే చిన్న పెట్టెలో Segments 6, Rings 4 అని పెట్టండి. పై కొనలో ఆరు త్రిభుజాలు, కింది కొనలో ఆరు, మధ్యలో పన్నెండు నాలుగు మూలల పలకలు వస్తాయి. పన్నెండు పలకలు ఇరవై నాలుగు త్రిభుజాలతో సమానం, మొత్తం 36. ఆరు నిలువు గీతల్లో ఒకటి విడిచి ఒకటి, మూడింటిని ఎంచుకుని S నొక్కి, Shift+Z నొక్కి, 1.15 కొట్టండి. Shift+Z అంటే ఎత్తును వదిలేసి వెడల్పును మాత్రమే మార్చమని. ఆ మూడు గీతలూ కాస్త బయటికి వస్తాయి. మామూలు షడ్భుజంలో ప్రతి మూలా 120 డిగ్రీలు, ఇప్పుడు అంచుల దగ్గర కోణం 106కి తగ్గుతుంది, మధ్య గీతల దగ్గర 134కి పెరుగుతుంది. తేడా చిన్నదే అయినా వెలుగు పడగానే కన్ను మూడు అంచులను పట్టుకుంటుంది. 1.3 దాకా లాగితే కాయ మరీ కోసుగా, చెక్కతో చేసినట్టు ఉంటుంది.

తర్వాత మొత్తాన్ని నిలువుగా 1.3 రెట్లు సాగదీయాలి. ఇప్పుడు మన చేతిలో మూడు అడ్డ వలయాలున్నాయి. మధ్య వలయాన్ని కొంచెం పైకి జరిపితే కాయకు భుజాలు వస్తాయి. కింది వలయాన్ని కొంచెం కుదిస్తే కింది కొన సన్నబడుతుంది. పై వలయాన్ని బాగా కుదించి పై కొనకు దగ్గరగా జరిపితే పైనున్న ఆరు త్రిభుజాలు చిన్న మూతలా మారతాయి. అదే తొడిమ. దానికోసం వేరే ముక్క చేయలేదు, ఒక్క త్రిభుజమూ పెరగలేదు, ఆ ఆరింటికీ వేరే రంగు ఇస్తే చాలు. ఉన్న గీతను రెండో పనికి వాడుకోగలమా అని ప్రతి వస్తువు దగ్గరా వెతకాలి. వెతికితే తరచుగా దొరుకుతుంది.

ఆకారం కుదిరాక వెలుగు సంగతి. బ్లెండర్‌లో ఒక మోడల్‌ను Shade Flat చేస్తే ప్రతి పలకా చదునుగా, విడివిడిగా కనిపిస్తుంది. Shade Smooth చేస్తే పలకల మధ్య వెలుగును కలిపేసి గుండ్రంగా ఉన్నట్టు భ్రమ కల్పిస్తుంది. 36 త్రిభుజాల కాయను మొత్తంగా Shade Smooth చేస్తే మనం కష్టపడి తెచ్చిన మూడు అంచులూ మాయమవుతాయి. తొడిమ చుట్టూ నల్లటి మరకలు కూడా పడతాయి, ఎందుకంటే అక్కడ కోణం ఒక్కసారిగా మారుతోంది, దాన్ని కలపబోయి లెక్క తప్పుతుంది. పైగా లోపల నునుపు, బయటి రూపురేఖ మాత్రం మూలలు మూలలుగా ఉండి రెండూ పొసగవు. నేనైతే మొత్తం Shade Smooth చేసి, మూడు అంచులనూ తొడిమ వలయాన్నీ ఎంచుకుని Mark Sharp ఇస్తాను. అప్పుడు కాయకు మెత్తని మూడు ముఖాలు, స్పష్టమైన మూడు అంచులు ఉంటాయి. బ్లెండర్ 4.1 నుంచి ఇది నేరుగా పని చేస్తుంది, అంతకు ముందున్న వెర్షన్లలో Auto Smooth అనే గడిని కూడా టిక్ చేసి, దాని కోణాన్ని 180 డిగ్రీలకు పెంచాలి. చిత్రంలో మిగతా వస్తువులన్నీ Shade Flat అయితే కాయ కూడా అదే కావాలి. ఒకే ఫ్రేములో రెండు పద్ధతులు కలిస్తే రెండు వేర్వేరు చిత్రాల నుంచి తెచ్చి పెట్టినట్టుంటుంది.

ఇంకో చిక్కు ఉంది. నాలుగు బిందువులు ఎప్పుడూ ఒకే చదునులో ఉండాలని లేదు. పైన చెప్పినట్టు వలయాన్ని వలయంగా కుదిస్తే పలకలు చదునుగానే ఉంటాయి. సహజంగా ఉండాలని ఒక్కో బిందువునూ చేత్తో అటూ ఇటూ లాగితే పలక మెలితిరుగుతుంది. దాన్ని రెండు త్రిభుజాలుగా ఏ మూల నుంచి ఏ మూలకు విడగొట్టాలో సాఫ్ట్‌వేరే నిర్ణయిస్తుంది. మనం అనుకోని వాలు గీత ఒకటి కనిపిస్తుంది, వేరే సాఫ్ట్‌వేర్‌కు పంపితే ఆ గీత రెండో వైపుకు మారవచ్చు కూడా. మోడల్‌ను Shade Flat లో మెల్లగా తిప్పి చూస్తే మెలి ఉన్న పలక వెంటనే దొరుకుతుంది. దాన్ని ఎంచుకుని Ctrl+T తో త్రిభుజాలుగా మార్చి, గీత ఏ వైపు ఉండాలో మనమే తేల్చాలి.

కాయకు ఆరు పలకలు చాలాయి కదా అని అదే లెక్క రేవులోని ఇత్తడి బిందెకు వేస్తే అది బోల్టు నట్టులా తయారవుతుంది. నిజంగా గుండ్రంగా ఉండాల్సిన వస్తువుకు ఎన్ని పలకలు కావాలో ఊహించక్కరలేదు, లెక్క ఉంది. వృత్తం లోపల బహుభుజి గీస్తే ప్రతి భుజం మధ్యలో కొంత లోతు నష్టపోతాం. వ్యాసార్థంలో ఆ నష్టం ఎంత వంతో ఇది చెబుతుంది:

```
1 - cos(180° / n)
```

ఇందులో n పలకల సంఖ్య. ఎనిమిది పలకలకు నష్టం 7.6 శాతం, పన్నెండుకు 3.4, పదహారుకు 1.9. శాతాలను పిక్సెళ్లలోకి మార్చి చూడాలి. బిందె తెర మీద 300 పిక్సెళ్ల వెడల్పుంటే వ్యాసార్థం 150. ఎనిమిది పలకలతో చేస్తే ఒక్కో పక్కా 11 పిక్సెళ్లు లోపలికి పోతుంది, అది ఎవరికైనా కనిపిస్తుంది. పదహారుతో చేస్తే 3 పిక్సెళ్లే. అదే బిందె దూరపు షాట్‌లో 40 పిక్సెళ్లే ఉంటే ఎనిమిది పలకలతో కూడా నష్టం పిక్సెల్‌న్నరే. అంటే వస్తువు తయారు చేయకముందే అది ఏ షాట్‌లో ఎంత పెద్దగా కనబడుతుందో తెలియాలి. స్టోరీబోర్డు లేకుండా మోడలింగ్ మొదలుపెట్టిన చోట సగం పని వృథా అయ్యేది ఇందుకే.

ఇక రంగు. ఒక్కో వస్తువుకూ విడిగా బొమ్మ గీసి అతికించడం ఒక పద్ధతి. ఇలాంటి చిత్రానికి అంత అవసరం లేదు. 256×256 పిక్సెళ్ల ఒకే ఒక్క బొమ్మ చాలు. దాన్ని ఎనిమిది నిలువు పట్టీలుగా, ఒక్కోటి 32 పిక్సెళ్ల వెడల్పుతో విభజించి, ప్రతి పట్టీలో కింది నుంచి పైకి మెల్లగా మారే రంగు నింపాలి. పచ్చికాయ ఆకుపచ్చ ఒకటి, పండుబారిన పసుపు గోధుమ ఒకటి, ఎండిన డొక్క రంగు ఒకటి, పడవ చెక్క ఒకటి, ఇత్తడి ఒకటి, తాటాకు ఒకటి, మట్టి ఒకటి, నీరు ఒకటి. రేవులోని వస్తువులన్నీ ఈ ఒక్క ఫైలునే వాడతాయి. దర్శకుడు సాయంత్రపు రంగులు కావాలంటే ఈ ఫైలులో మార్చితే రేవంతా మారుతుంది.

మోడల్‌లో ఏ పలక ఈ బొమ్మలో ఏ చోటి నుంచి రంగు తీసుకోవాలో చెప్పేదే యూవీ. తొడిమకు ఒకే రంగు చాలు. ఆ ఆరు త్రిభుజాలను ఎంచుకుని, యూవీ కిటికీలో S నొక్కి 0 కొడితే అన్నీ ఒక్క చుక్కగా ముడుచుకుంటాయి. ఆ చుక్కను కావలసిన రంగు మీద పెడితే అయిపోయింది. కాయ ఒంటికి రంగు పైనుంచి కిందికి మారాలి. ముందు పక్క నుంచి చూస్తూ Project from View ఇచ్చి, తర్వాత S, X, 0 కొట్టాలి. వెడల్పు మాయమై యూవీలన్నీ ఒక నిలువు గీతగా మిగులుతాయి. ఆ గీతను పట్టీ మధ్యలో నిలబెడితే కాయ ఎత్తును బట్టి రంగు మారుతుంది.

ఇక్కడొక ఉచ్చు ఉంది, రాశి పోశాకే అది బయటపడుతుంది. పడవకు కింద ముదురు, పైన లేత రంగు ఇస్తే చాలా బాగుంటుంది. నీటికి తగిలే అడుగు భాగం తడిసి నల్లగా ఉండటం సహజం, పడవ ఎప్పుడూ తలకిందులు కాదు కాబట్టి నీడను కూడా ఆ రంగులోనే కలిపేయవచ్చు. అదే ఉపాయం కాయకు వాడితే పని చెడుతుంది. రాశిలో కాయలు ఎలాపడితే అలా పడి ఉంటాయి. రంగులో దాచిన నీడ కాయతో పాటే తిరుగుతుంది, ఒక కాయకు నీడ పైన, పక్క కాయకు ఎడమన, మూడోదానికి కింద. రాశి మొత్తం మచ్చలు మచ్చలుగా, వెలుగు పది దిక్కుల నుంచి వస్తున్నట్టు ఉంటుంది. కారణం తెలియక చాలామంది దీపాలను సర్దుతూ కూర్చుంటారు. దొర్లే వస్తువు పట్టీలో నీడ ఉండకూడదు, వస్తువు సొంత రంగులో మార్పు మాత్రమే ఉండాలి. కాయకైతే తొడిమ వైపు పచ్చదనం, కింది కొనకు గోధుమ ఛాయ. అనుమానం ఉంటే ఒకే కాయను నాలుగు వైపులకు తిప్పి పక్కపక్కన పెట్టి చూడండి. నాలుగూ ఒకే ఎండలో ఉన్నట్టు కనిపిస్తే పట్టీ సరైనదే.

యూవీ గీత పట్టీ అంచును తాకితే పక్క పట్టీ రంగు లీకవుతుంది, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ పక్క పిక్సెళ్లను కూడా కలిపి సగటు తీస్తుంది. బొమ్మ పై అంచుకు తాకితే ఇంకా వింతగా కింది అంచులోని ముదురు రంగు పైకొస్తుంది, Image Texture నోడ్‌లో Repeat అని ఉండటమే దానికి కారణం. దాన్ని Extend చేసి, గీతను అన్ని వైపులా నాలుగైదు పిక్సెళ్లు లోపల ఉంచితే చాలు.

పట్టీలో రంగు ఒకటి, రెండర్‌లో రంగు మరొకటి వస్తోందని వచ్చే ఫిర్యాదు దాదాపు ప్రతిసారీ ఒకే చోటికి పోతుంది. బ్లెండర్ 4.0 నుంచి View Transform అనే చోట AgX ముందే పెట్టి ఉంటుంది, అంతకు ముందు కొన్నేళ్లు Filmic ఉండేది. ఫొటోలో ఎండ ఎలా పడుతుందో అలా మరీ వెలుగుగా ఉన్న చోట రంగును మెల్లగా తెలుపు వైపు నడిపించడానికి చేసినవి అవి. మనలాగా గట్టి, చదునైన రంగులు కోరుకునేవాళ్లకు వాటితో రంగు వెలిసినట్టుంటుంది. Standard కు మారిస్తే పట్టీ రంగుకు దగ్గరగా వస్తుంది, కానీ దీపం ఎక్కువైతే తెల్లగా తేలిపోతుంది. ఏది ఎంచుకున్నా పట్టీలు గీయకముందే ఎంచుకోవాలి. మధ్యలో మార్చితే పట్టీలన్నీ మళ్లీ సరిచేసుకోవాల్సిందే. దీనితోపాటు Roughness ను 0.5 నుంచి 0.9 దాకా పెంచండి, లేకపోతే కాయ ప్లాస్టిక్ బొమ్మలా మెరుస్తుంది.

డెల్టాకు ప్రత్యేకమైన కష్టం ఇంకొకటుంది. వరి పచ్చ, కొబ్బరి ఆకు పచ్చ, అరటి పచ్చ, గుర్రపుడెక్క పట్టిన కాలువ పచ్చ, కాయా పచ్చే. నిజంగా చూసినప్పుడు ఆకుల సన్నని వివరం వాటిని విడదీస్తుంది. లో పాలీలో ఆ వివరం ఉండదు కాబట్టి అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఛాయలు మాత్రమే మార్చి లాభం లేదు, వెలుగు పాళ్లు మార్చాలి. రెండర్‌ను నలుపు తెలుపులోకి మార్చి చూడండి, రాశి వెనకనున్న ఆకుల్లో కలిసిపోతే పట్టీ తప్పు. నేనైతే వరిని పసుపు వైపు లేతగా, కొబ్బరి ఆకును నీలం వైపు ముదురుగా తోస్తాను. రాశిలో పండుబారిన కాయలే ఎక్కువ వేసి పచ్చి కాయలు నాలుగోవంతుకు మించనివ్వను. కాలువకు వరదల కాలపు ఎర్రనీటి రంగు ఇస్తే పచ్చదనం మధ్య ఊపిరి ఆడుతుంది, గోదావరి వాళ్లకు ఆ రంగును వివరించి చెప్పే పనీ లేదు.

రాశి పోసే పని త్వరగానే అవుతుంది. రెండు వందల కాయలూ కనిపించవు, కనిపించేది పై పొర మాత్రమే. కింద ముదురు గోధుమ రంగులో ఒక చిన్న దిబ్బ చేసి, దాని మీద ఎనభై, తొంభై కాయలు వేస్తే సరిపోతుంది. Alt+D తో నకళ్లు తీస్తే అన్నీ ఒకే మోడల్‌ను పంచుకుంటాయి, అసలును దిద్దితే అన్నీ దిద్దుకుంటాయి. అందుకే మూడు పట్టీలకూ మూడు అసలు కాయలు చేసుకుని, ఒక్కోదానికి నకళ్లు తీయడం మేలు. వస్తువులు పడి దొర్లడాన్ని లెక్కగట్టే Rigid Body పెట్టి పై నుంచి జారవిడిస్తే అవే సర్దుకుంటాయి, దిబ్బ కదలకుండా దానికి Passive ఇవ్వడం, కాయకు Convex Hull ఆకారం ఇవ్వడం మరచిపోకూడదు. అవి నిలిచాక Apply Transformation ఇచ్చి, Rigid Body ను తీసేసి, కెమెరా ముందున్న పది కాయలను మాత్రం చేత్తో తిప్పండి. అంచులు కెమెరా వైపు తిరిగితేనే అవి కొబ్బరికాయల్లా కనబడతాయి. యాదృచ్ఛికంగా పడిన కాయల్లో సగం తమ చదును ముఖాన్నే చూపిస్తాయి, అటువైపు నుంచి అవి మామిడికాయలో కొబ్బరికాయలో తేల్చుకోవడం కష్టం.

ఈ పద్ధతికి హద్దు ఎక్కడుందో కథలో బోండాం కొట్టే షాట్ వస్తే తెలుస్తుంది. తెర నిండా ఒకే కాయ, కత్తి దెబ్బకు పైభాగం ఎగిరిపోవాలి. 36 త్రిభుజాల పెంకుకు లోపల ఏమీ లేదు, పట్టీలో ముడుచుకున్న యూవీల మీద కోత గుర్తులు గీయడానికి చోటూ లేదు. ఆ షాట్‌కు వేరే కాయ చేయాలి. బయట అదే మూడు అంచుల ఆకారం, కోసిన ముఖంలో తెల్లటి డొక్క, దాని మధ్య పదహారు పలకల గుండ్రటి చిప్ప నోరు, లోపల లేత కొబ్బరి పొర, నీటికి ఒక చదును ముఖం. బయట త్రిభుజం, లోపల వృత్తం కాబట్టి ఆ రెంటి మధ్య గీతలు కలిపేటప్పుడు పదహారుకు, ఆరుకు లెక్క కుదరదు. చిప్పను పన్నెండుకు తగ్గిస్తే బయటి ప్రతి బిందువుకూ లోపల రెండు బిందువులు వస్తాయి, కోసిన ముఖం శుభ్రంగా ముడిపడుతుంది. పన్నెండు పలకలతో నోరు కాస్త కోణాలుగా కనబడినా పైన కత్తి గాటు వంకర ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. పై ముక్క ఎగిరే క్షణంలో పాత కాయను దాచి కొత్తదాన్ని చూపించడానికి ఒక్క ఫ్రేము చాలు.